బర్నర్ మీద 1873 అని ఉంది, దీపం అప్పటిదేనా?

ఒత్తిదీపం: పొద్దున్నుంచీ దీన్ని ముందేసుకుని కూర్చున్నాను, బుర్ర వేడెక్కిపోయింది. బల్ల మీద పెట్టుకునే అమెరికన్ కిరసనాయిలు దీపం, గాజు బుడ్డి. ఒత్తి తిప్పే చక్రం మీద పేటెంట్ 1873 అని ఉంది. తెలిసినాయన ఒకరేమో 1900 దాటాక వచ్చిందంటున్నారు. ఎవరి మాట నమ్మాలి?

పాతసామాను: చక్రం మీదే రాసుంటే ఇంకా అనుమానమెందుకండీ? 1873దే.

ఇత్తడిమర: అది పేటెంట్ ఇచ్చిన ఏడాది. అదే అచ్చుతో తర్వాత ఏళ్ల తరబడి బర్నర్లు కొట్టారు. పైగా బర్నర్ మర తిప్పితే ఊడొచ్చేస్తుంది, మధ్యలో ఎవరైనా మార్చి ఉండొచ్చు. గాజుకు అతుక్కుని ఉండేది కాలర్. అది గాజును తాకేచోట ఏముందో చూసి చెప్పండి.

గాజుపిచ్చి: గాజు ఊదారంగుకు తిరిగిందా? తిరిగితే పాతదే. గాజు తెల్లగా రావడానికి అప్పట్లో మాంగనీసు కలిపేవారు, ఎండకు అది ఊదా అవుతుంది.

ఇత్తడిమర: మాంగనీసు ఉందని మాత్రమే తెలుస్తుంది, ఏడాది తెలియదు. ఇప్పుడు రేడియేషన్ పెట్టి కావాలని ఊదా చేసి అమ్మేవాళ్లూ ఉన్నారు.

లాంతరు: నా లాంతరుకు గాజు బుడ్డే లేదు, అంతా రేకు. దానికి కాలర్ ఎక్కడ వెతకాలి?

పాతసామాను: బుడ్డి అంటే మొత్తం దీపం కదా! నూనె పోసేదాన్ని గిన్నె అనాలి.

గాజుపిచ్చి: మా ఇంట్లో నూనె పోసేదే బుడ్డి. పైన పెట్టేది చిమ్నీ.

ఒత్తిదీపం: బర్నర్ విప్పి చూశాను. కాలర్ కింద తెల్ల పిండిలాంటిదేమీ లేదు. ఇత్తడి అంచు గాజు పెదవి కిందికి మడిచి నొక్కేసినట్టుంది. అన్నట్టు, బర్నర్‌కీ కాలర్‌కీ మధ్య ఒక ఇత్తడి రింగు ఉంది. అన్నిటికీ ఉంటుందనుకుని చెప్పలేదు.

ఇత్తడిమర: అసలు సంగతి అదేనండీ! స్కేలు పెట్టి కొలవండి. కాలర్ నోరు సుమారు 1¼ అంగుళాలుంటే అది 2 నంబరు బర్నర్‌కు చేసింది. మీ బర్నర్ మర 7/8 అంగుళమైతే 1 నంబరుది. పెద్ద నోట్లో చిన్న బర్నర్ పట్టడానికే ఆ రింగు. అంటే బర్నర్ ఈ దీపంతో పుట్టింది కాదు, దాని మీది 1873ను పక్కన పెట్టేయండి.

ఇక కాలర్ సంగతి. పాత దీపాలకు దాన్ని ప్లాస్టర్‌తో అతికించేవారు. అంచు దగ్గర తెల్ల గీత కనిపిస్తుంది, కొన్నిటికి కాలర్ కదులుతుంది కూడా. మీరు చెప్పినట్టు మడిచి నొక్కిన కాలర్ 1890ల నుంచి వాడుకలోకి వచ్చింది. కాబట్టి బుడ్డి అంతకన్నా పాతది కాదు. ఎంత తర్వాతదో మాత్రం కాలర్ చెప్పలేదు, గాజు డిజైన్‌ను పాత కేటలాగులతో పోల్చుకోవాల్సిందే.

పాతసామాను: మరి ప్లాస్టర్ ఉంటే 1873 కావచ్చా?

ఇత్తడిమర: కావచ్చు. కానీ ఊడిన కాలర్‌ను మళ్లీ ప్లాస్టర్ పెట్టి అతికించినవీ ఉంటాయి. తెల్లగా, కొత్తగా ఉంటే నమ్మకండి.

ఒత్తిదీపం: నోరు 1¼, మర 7/8. థాంక్స్ అండీ.

లాంతరు: నా లాంతరు సంగతి?