మల్టీవిటమిన్ వేసుకుంటున్నా నాయనకు అరికాళ్ళ మంటలు తగ్గలేదు, రోజుకు రెండు వెయ్యొచ్చా?

ప్రొద్దుటూరు_రవి
మా నాయనకు 64 ఏళ్ళు. షుగర్ వచ్చి చాలా ఏళ్ళయింది, మెట్‌ఫార్మిన్ 1000 ఉదయం ఒకటి, రాత్రి ఒకటి. గ్యాస్ కోసం పరగడుపున పాంటాప్రజోల్ కూడా ఏళ్ళ తరబడి వేసుకుంటున్నాడు. మాంసం, గుడ్డు ముట్టడు. మధ్యాహ్నం సంగటి, రాత్రి జొన్నరొట్టె, కాస్త మజ్జిగ, అంతే. కొన్నాళ్ళుగా అరికాళ్ళు మంటలు, చీమలు పాకినట్టు ఉంటుందంట. నడుస్తుంటే చెప్పు జారిపోయినా తెలియడం లేదంటాడు. బంధువులు చెప్పారని రోజూ ఒక మల్టీవిటమిన్ వేస్తున్నాం. ఏమీ తేడా లేదు. రెండు వెయ్యొచ్చా? లేక పవర్ ఎక్కువున్నది మార్చాలా?

ఆదోని_మెడికల్స్
రెండు వేసినా టెన్షన్ పడాల్సింది లేదు అన్నా. బి విటమిన్లు నీళ్ళలో కరిగేవి, ఒంటికి ఎక్కువైంది మూత్రంలో పోతుంది. పచ్చగా వస్తుంది చూడండి, అదే. ఎ, డి లాంటివి మాత్రం ఒంట్లో పేరుకుంటాయి, వాటితో జాగ్రత్త. నరాలకు వేరే బిళ్ళలు ఉన్నాయి, మల్టీవిటమిన్‌తో పాటు అవి కూడా కలిపి వాడితే మంచిది. మా దగ్గర చాలామంది అట్లే తీసుకుపోతారు.

గుంతకల్లు_పద్మ
మా బాబుకు నాలుగేళ్ళు, అన్నం సరిగా తినడు. విటమిన్ సిరప్ ఏది మంచిదో ఎవరైనా చెప్పండి.

కర్నూలు_మాధవి
పద్మా, నీది వేరే చర్చగా పెట్టమ్మా, ఇక్కడ కలిసిపోతుంది. బాబు బరువు పెరుగుతున్నాడో లేదో ముందు అంగన్‌వాడీలో చూపించు, సిరప్ సంగతి తర్వాత.

రవీ, నేను డాక్టర్ని కాదు, బయోకెమిస్ట్రీ ల్యాబ్‌లో పనిచేస్తాను. మీ నాయన లాంటి రిపోర్టులు వారం వారం చూస్తుంటాను. నువ్వు రాసినదాంట్లో మూడు విషయాలు ఒకే దిక్కు చూపిస్తున్నాయి: మెట్‌ఫార్మిన్, గ్యాస్ బిళ్ళ, మాంసం గుడ్డు లేని తిండి. మూడూ బి12ను తగ్గించేవే. జొన్నల్లో, రాగుల్లో, ఆకుకూరల్లో బి12 ఉండదు. మజ్జిగలో కొద్దిగా ఉంటుంది. ఆ కొద్దిగా వచ్చింది కూడా ఆహారం నుంచి విడిపోవాలంటే కడుపులో ఆమ్లం కావాలి, దాన్ని గ్యాస్ బిళ్ళ తగ్గించేస్తుంది. పేగు చివర అది రక్తంలోకి పోయేచోట మెట్‌ఫార్మిన్ అడ్డం పడుతుంది.

మరి మల్టీవిటమిన్‌లో బి12 ఉంది కదా అంటావు. అట్ట వెనక చూడు, చాలావాటిలో ఒకటి రెండు మైక్రోగ్రాములే ఉంటుంది. ఆరోగ్యవంతుడి రోజువారీ అవసరానికి అది సరిపోతుంది. లోటు పూడ్చడానికి చాలదు. లోటున్నవాళ్ళకు ఇచ్చే బిళ్ళలో 1000 మైక్రోగ్రాములు ఎందుకుంటాయంటే, పేగులోని అసలు దారి ఒక్కసారికి రెండు మైక్రోగ్రాములకు మించి తీసుకోలేదు. మిగతాదాంట్లో నూటికి ఒకటి మాత్రం వేరే దారిన జారి లోపలికి పోతుంది. అంటే వెయ్యి మింగితే పది చేరుతుంది. మల్టీవిటమిన్ ఒకటి కాదు, రెండు వేసినా ఆ లెక్కకు దరిదాపుల్లోకి రాదు.

ఇంకో చిక్కు. మల్టీవిటమిన్‌లో ఫోలిక్ యాసిడ్ ఉంటుంది. అది రక్తహీనతను సరిచేస్తుంది కానీ నరాలను కాపాడదు. హిమోగ్లోబిన్ బాగుంది కదా అని అందరూ నిశ్చింతగా ఉంటారు, లోపల నరం పాడవుతూనే ఉంటుంది. అందుకే ముందు బి12 పరీక్ష చేయించు. అదీ ఎక్కువ డోసు బిళ్ళ గానీ ఇంజెక్షన్ గానీ మొదలుపెట్టకముందే. తర్వాత చేస్తే అంకె బాగా పెరిగి కనిపిస్తుంది, అసలు లోటు ఉండిందా లేదా తేలదు.

ఆదోని_మెడికల్స్
మీరన్నది నిజమే మేడమ్. కానీ నరాల బిళ్ళలో బి1, బి6, బి12 మూడూ ఉంటాయి కదా, అది ఇస్తే పరీక్ష ఖర్చు తప్పుతుంది కదా.

కర్నూలు_మాధవి
అన్నా, మూత్రంలో పోతుంది అన్న మాట బి2 వరకు బాగానే ఉంది, ఆ పచ్చ రంగు దానిదే. బి6 అట్లా కాదు. 1983లోనే అమెరికాలో బి6ను గ్రాముల లెక్కన మింగినవాళ్ళకు నడక తూలి, కాళ్ళు చేతులు మొద్దుబారిన కేసులు రాశారు. తర్వాత అంతకంటే చాలా తక్కువ డోసులకు కూడా నెలల తరబడి వాడితే అట్లే వచ్చిన కేసులు బయటపడ్డాయి. ఎంతవరకు సురక్షితం అన్నదాని మీద నిపుణులకే ఏకాభిప్రాయం లేదు. అమెరికా వాళ్ళు రోజుకు 100 మిల్లీగ్రాములు హద్దు అంటారు, యూరప్ వాళ్ళు 2023లో 12కు దించేశారు. మల్టీవిటమిన్, నరాల బిళ్ళ, పైన ఇంకో బి కాంప్లెక్స్ కలిపితే ఎంతవుతుందో ఎవరూ కూడరు. అరికాళ్ళ మంటకని వేసుకున్నదే అరికాళ్ళ మంట తెస్తే, తగ్గలేదని ఇంకొంచెం పెంచుతారు!

అనంత_మాస్టారు
నేను రిటైరయినప్పటి నుంచి మల్టీవిటమిన్ వాడుతున్నాను. జ్ఞాపకశక్తికి మంచిదని పరిశోధన వచ్చింది కదా. మీరు మొత్తానికే దండగ అంటున్నట్టుంది.

కర్నూలు_మాధవి
దండగ అనలేదు సార్. మీరు చెప్పేది కాస్మోస్ పరిశోధన. 60 దాటినవాళ్ళలో జ్ఞాపకశక్తి పరీక్షల్లో కొంచెం మేలు కనిపించింది, అది నిజమే. ఆ కొంచెం రోజువారీ జీవితంలో ఎంత తెలుస్తుందో ఇంకా వాదన ఉంది. ఇంకోవైపు 2024లో అమెరికాలో దాదాపు 3.9 లక్షల మంది ఆరోగ్యవంతులను ఇరవై ఏళ్ళకు పైగా గమనించిన లెక్క వచ్చింది. రోజూ మల్టీవిటమిన్ వేసుకున్నవాళ్ళు వేసుకోనివాళ్ళ కంటే ఎక్కువ కాలం ఏమీ బతకలేదు. కాకపోతే అది గమనించిన లెక్కే, ఎవరికి బిళ్ళ ఇవ్వాలో చీటీలు తీసి తేల్చి, ఇచ్చి చూసింది కాదు. పైగా వాళ్ళ తిండి వేరు, మన సంగటి ఊరిబిండి వేరు. మీరు రోజుకు ఒకటి, మామూలు డోసుది వేసుకుంటే నేను వద్దనను. ఆయుష్షు కోసమైతే మాత్రం ఆ డబ్బులకు పండ్లు కొనుక్కోవచ్చు.

కడప_ఓబులేసు
డి విటమిన్ సంగతి కూడా చెప్పాలి. మా అమ్మకు మోకాళ్ళ నొప్పులని 60,000 యూనిట్ల పొడి ప్యాకెట్ వారానికి ఒకటి, ఎనిమిది వారాలు అని రాశారు. ఇంట్లో ఎవరో రోజుకొకటి అనుకొని పాలల్లో కలిపి ఇచ్చేశారు. తర్వాత దాహం, మలబద్ధకం, వాంతులు, మాట తడబడటం. పక్షవాతం అనుకొని పరిగెత్తాము. కాల్షియం చూస్తే 13 దాటింది, క్రియాటినిన్ కూడా పెరిగింది. చీటీ మీద రోజూనా వారానికా అన్నది పెద్దక్షరాలతో రాయించుకోండి.

ప్రొద్దుటూరు_రవి
రిపోర్టు వచ్చింది. బి12 168, హిమోగ్లోబిన్ 13.1. మాధవక్క చెప్పినట్టే రక్తం బాగుంది, బి12 లేదు. మా డాక్టరు ఇంజెక్షన్లు మొదలుపెట్టాడు, ముందు దగ్గరదగ్గరగా, తర్వాత నెలకొకటి అంట. మెట్‌ఫార్మిన్ ఆపొద్దన్నాడు. మల్టీవిటమిన్ మీ ఇష్టం అన్నాడు, ఆపేశాము. మంటలు ఎన్నాళ్ళకు తగ్గుతాయక్కా?

కర్నూలు_మాధవి
200 లోపు అంటే లోటే. నరానికి నెలలు పడుతుంది రవీ, వారాల్లో చూసుకొని నిరాశపడొద్దు. షుగర్ వల్ల కూడా అదే మంట వస్తుంది కాబట్టి ఎంత భాగం బి12ది, ఎంత షుగర్‌ది అన్నది ఇంజెక్షన్ల తర్వాత మిగిలిన మంటను బట్టే తెలుస్తుంది. మొత్తం పోతుందని మాట ఇవ్వలేను. అన్ని ఏళ్ళు పాంటాప్రజోల్ అవసరమా అని డాక్టర్ని అడిగావా?

ప్రొద్దుటూరు_రవి
అడగలేదు. పైనెల పోతాము, అప్పుడు అడుగుతా. మా అమ్మ కూడా అదే తిండి తింటుంది, షుగర్ లేదు, గ్యాస్ బిళ్ళ లేదు. ఆమెకూ పరీక్ష చేయించాలా?

ఆదోని_మెడికల్స్
చేయించు అన్నా. బిళ్ళ తర్వాత అమ్ముతాలే.