ఫ్రెంచి దంపతులకి బిల్లు అర్థమయ్యేలా ఎలా చెప్పాలి? సర్వీస్ ఛార్జీ, రెండు పన్నులు (అర్జెంటు)

జయపురం చిన్నా (రాత్రి 10:52)
అన్నలూ, అక్కలూ, మూడు గంటల్నుంచి బుర్ర వేడెక్కిపోతోంది. ఒక ఫ్రెంచాయన, ఆయన భార్య. ఇద్దరూ భోంచేశారు, బాగుందన్నారు. బిల్లు చూశాక మొదలైంది గొడవ. ‘మెనూ కార్డులో కూడితే 1,240. మీ కాగితంలో 1,432. ఈ 192 ఏంటి?’ అని అడుగుతాడు. సీజీఎస్టీ, ఎస్‌జీఎస్టీ రెండు వరసలూ చూపించి, ఒక్క భోజనానికి రెండుసార్లు పన్నెందుకంటాడు. సర్వీస్ ఛార్జీ అన్న మాట మీద పెట్టిన వేలు తియ్యడు. నాకొచ్చిన ఇంగ్లీషంతా అయిపోయింది. పొద్దున్న ఆరింటికల్లా ఒనుకుడెల్లి సంతకి బయల్దేరిపోతారు. ఈలోగా ఏం చెప్పాలో ఎవరైనా చెప్పండి, ప్లీజ్.

రాయగడ రమణ (10:55)
బిల్లు ఫోటో పెట్టు.

వెంకట్, సాలూరు రోడ్డు (10:58)
ఇందులో చెప్పడానికేముంది తమ్ముడూ. సర్వీస్ ఛార్జీ కూడా గవర్నమెంటుదే. పూర్వం ఏసీ హోటల్లో తింటే ఆరు శాతం పడేది గుర్తుందా? దాన్నే పేరు మార్చి వేస్తున్నారు. కట్టక తప్పదని చెప్పెయ్.

పర్లాకిమిడి మాస్టారు (11:04)
ముందు మాట సరిచేసుకుందాం. పన్ను వేరు, రుసుము వేరు, సుంకం వేరు. ఊరికే కట్టించుకునేది పన్ను. ఏదో పని చేసిపెట్టి తీసుకునేది రుసుము. సరుకు ఎల్ల దాటినప్పుడు పడేది సుంకం. సర్వీస్ ఛార్జీని కొన్ని పేపర్లు ‘సేవా సుంకం’ అని రాస్తున్నాయి, అది తప్పు. మాట తేడాగా ఉంటే మనిషికి అర్థమెలా అవుతుంది?

రాయగడ రమణ (11:05)
మాస్టారూ, ఫ్రెంచాయనకి తెలుగు రాదు.

బరంపురం లెక్కల పిన్ని (11:11)
మాస్టారన్న తేడా మనకిక్కడ పనికొస్తుంది లెండి. వెంకట్ గారూ, మీరు చెప్పే ఆరు శాతం సర్వీస్ ట్యాక్స్. పదిహేను శాతం రేటుని బిల్లులో నలభై శాతం మీద వేస్తే ఆరయ్యేది. 2017 జూలై 1న జీఎస్టీ రాగానే అది పోయింది. సర్వీస్ ఛార్జీ అన్నది గవర్నమెంటుకి వెళ్ళేదే కాదు, హోటలువాళ్ళు తమకి తాము వేసుకునేది. పేర్లు దగ్గరగా ఉండటంతో చాలామంది మీలాగే పొరబడతారు.

చిన్నా, మూడు సంగతులు చెప్పు. బీరుగానీ తాగారా? గదుల అద్దె రోజుకి 7,500 దాటే హోటలా? బిల్లులో వరసలు ఉన్నవి ఉన్నట్టు రాయి.

జయపురం చిన్నా (11:19)
బీరు లేదు పిన్నీ, లైమ్ సోడా తాగారు. పైన లాడ్జి ఉంది, గది 1,800. వరసలు ఇవి:

చికెన్ కర్రీ 320, పనీర్ 260, రోటీలు ఎనిమిది 200, జీరా రైస్ 180, లైమ్ సోడా రెండు 160, నీళ్ళ సీసాలు రెండు 120. మొత్తం 1,240.
సర్వీస్ ఛార్జీ పది శాతం 124.
సీజీఎస్టీ 34.10. ఎస్‌జీఎస్టీ 34.10.
1,432.20. రౌండాఫ్ చేస్తే 1,432.

గంజాం వినియోగదారు (11:23)
ఆగండాగండి. నీళ్ళ సీసా అరవై రూపాయలా? దాని మీద ఎమ్మార్పీ అందులో సగం కూడా ఉండదు! అసలు దోపిడీ అక్కడ ఉంటే మీరంతా సర్వీస్ ఛార్జీ పట్టుకుని కూర్చున్నారు. నేను బస్టాండు దగ్గర ఐదు రూపాయలు ఎక్కువ తీసుకున్నవాడితో గంటసేపు కొట్లాడి వెనక్కి తీసుకున్నాను.

బరంపురం లెక్కల పిన్ని (11:31)
బస్టాండు కొట్టు వేరు, కూర్చోబెట్టి వడ్డించే హోటలు వేరు. హోటళ్ళు సీసా నీళ్ళకి ఎమ్మార్పీ కన్నా ఎక్కువ తీసుకోవచ్చని 2017 డిసెంబరులో సుప్రీంకోర్టే చెప్పింది. అరవై నాకూ ఎక్కువే అనిపిస్తోంది, కానీ ఆ ధర మెనూలో ఉంది, ఆయన చూసే తాగాడు. ఆయన అడుగుతున్నది మెనూలో లేని 192 గురించి.

మొదట రెండు పన్నుల సంగతి. అవి రెండు కావు, ఒకటే. హోటలు భోజనం మీద జీఎస్టీ ఐదు శాతం. అందులో సగం ఢిల్లీకి, సగం భువనేశ్వర్‌కి. బిల్లులో రెండు సగాలనీ విడివిడిగా చూపించాలి కాబట్టి రెండు వరసలొస్తాయి. ఆయనకి ఇంకో చిక్కుంది. ఫ్రాన్సులో మెనూ మీద రాసిన ధరలోనే పన్నూ ఉంటుంది, వడ్డన ఖర్చూ ఉంటుంది. అక్కడ భోజనం మీద పన్ను పది శాతం, మనకి రెట్టింపు. కానీ ధర లోపలే ఉంటుంది కాబట్టి కంటికి కనబడదు. ఇక్కడ ఐదే అయినా బయట రాస్తాం కాబట్టి గుచ్చుకుంటుంది. ‘యువర్ కంట్రీ, ట్యాక్స్ ఇన్‌సైడ్ ప్రైస్. హియర్, ట్యాక్స్ అవుట్‌సైడ్. టూ లైన్స్, వన్ ట్యాక్స్, ఫైవ్ పర్సెంట్’ అను. చాలు.

బీరు గురించి ఎందుకడిగానంటే మందు జీఎస్టీలోకి రాదు, దాని మీద రాష్ట్రం వ్యాట్ వేరే ఉంటుంది. ఇక్కడ ఆ గోల లేదు. గది అద్దె అడిగింది భోజనం మీద పన్ను రేటు తేల్చుకోవడానికే.

ఇక సర్వీస్ ఛార్జీ. ‘ఇది కట్టాలా?’ అని ఆయన అడిగితే ‘అక్కర్లేదు’ అనే చెప్పాలి. 2022 జూలై 4న కేంద్ర వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలిచ్చింది. హోటలు తనంతట తాను దీన్ని బిల్లులో కలపకూడదు. వేరే పేరు పెట్టి కూడా తీసుకోకూడదు. ఇవ్వాలనుకుంటే తిన్నవాళ్ళే ఇవ్వాలి.

వెంకట్, సాలూరు రోడ్డు (11:36)
దాని మీద ఢిల్లీ హైకోర్టు స్టే ఇచ్చింది కదమ్మా! నేను పేపర్లో చదివాను.

బరంపురం లెక్కల పిన్ని (11:40)
ఇచ్చింది, అదే నెలలో. కానీ 2025 మార్చి 28న అదే హైకోర్టు మార్గదర్శకాలు సరైనవేనని తీర్పు చెప్పింది. కేసు వేసిన రెండు హోటళ్ళ సంఘాలకీ చెరో లక్ష ఖర్చుల కింద కట్టమంది. వాళ్ళు దాని మీద మళ్ళీ అప్పీలుకెళ్ళారు. మీరు చదివిన పేపరు పాతదండీ.

వెంకట్, సాలూరు రోడ్డు (11:42)
ఢిల్లీ కోర్టు మాట మన కోరాపుట్ జిల్లాలో చెల్లుతుందా? అదీ చెప్పండి.

బరంపురం లెక్కల పిన్ని (11:45)
మార్గదర్శకాలు కేంద్ర చట్టం కిందవి, దేశమంతటికీ. కోర్టు వాటిని కొట్టెయ్యలేదు, అంతే.

గుణుపురం సత్యవతి (11:47)
పిన్నిగారూ, మధ్యలో నాదొక సందేహం. మా ఊళ్ళో ఒక హోటల్లో జీఎస్టీ ఐదు శాతం వేశాడు, బిల్లు మీద జీఎస్టీ నంబరే లేదు. అడిగితే ‘కాంపోజిషన్’ అన్నాడు. అంటే ఏంటి?

బరంపురం లెక్కల పిన్ని (11:52)
అంటే ఆ పన్ను మీ దగ్గర తీసుకోకూడదని. కాంపోజిషన్ అనే చిన్న వ్యాపారుల పన్ను పద్ధతిలో ఉన్న హోటలు ఐదు శాతం తన జేబులోంచి కట్టుకోవాలి. వాళ్ళ కాగితం మీద ‘బిల్ ఆఫ్ సప్లై’ అని ఉండాలి, పన్ను వరసే ఉండకూడదు. నంబరు ఇవ్వకుండా పన్ను వేసినవాడిని అసలు నమ్మొద్దు. ఒడిశా నంబరైతే 21తో మొదలవుతుంది. gst.gov.in లో ఆ నంబరు కొట్టి చూస్తే రెగ్యులరా, కాంపోజిషనా తెలిసిపోతుంది.

జయపురం చిన్నా (11:58)
పిన్నీ, మీరు చెప్పినట్టే పెన్నుతో సర్వీస్ ఛార్జీ 124 కొట్టేసి, కింద 1,308.20 అని రాసి తీసుకెళ్ళాను. ఆయన ఫోన్లో లెక్క కట్టి మళ్ళీ తల అడ్డంగా ఊపుతున్నాడు! ఇప్పుడేమైంది?

రాయగడ రమణ (11:59)
నువ్వెవరు కొట్టెయ్యడానికి? గైడువి కాదా?

జయపురం చిన్నా (రాత్రి 12:03)
గైడుని కాదన్నా. ఆ హోటల్ కౌంటర్ నాదే. యజమాని విజయనగరం పెళ్ళికెళ్ళారు, ఫోనెత్తట్లేదు. కంప్యూటర్లో పది శాతం ఆయనే పెట్టించారు, బిల్లు కొట్టగానే దానంతటదే వచ్చేస్తుంది. మొదట్లోనే చెబితే అందరూ నన్నే తిడతారని చెప్పలేదు.

గంజాం వినియోగదారు (12:05)
అరవై రూపాయల నీళ్ళు అమ్మేది నువ్వేనన్నమాట!

బరంపురం లెక్కల పిన్ని (12:14)
ముందే చెప్పి ఉంటే గంట మిగిలేది నాయనా. సరే, ఫ్రెంచాయన లెక్కే కరెక్టు. నువ్వు 124 తీసేశావు గానీ పన్ను వరసలు పాతవే ఉంచేశావు. ఆ 34.10 ఎలా వచ్చింది? 1,240 మీద కాదు, 1,364 మీద రెండున్నర శాతం. అంటే సర్వీస్ ఛార్జీ మీద కూడా పన్ను పడింది. తీసుకున్న ప్రతి రూపాయీ విలువలో కలుస్తుంది కాబట్టి జీఎస్టీ లెక్కలో సాఫ్ట్‌వేర్ అలాగే వేస్తుంది. మార్గదర్శకాలేమో అసలు అలా కలపనే వద్దంటాయి. ఎలా చూసినా ఛార్జీ పోతే దాని మీది పన్నూ పోవాలి.

1,240 మీద సీజీఎస్టీ 31, ఎస్‌జీఎస్టీ 31. మొత్తం 1,302. నువ్వు రాసింది 1,308.20, అంటే ఆరు రూపాయల ఇరవై పైసలు ఎక్కువ. అంతేకదా అనుకోకు. పన్ను పేరుతో ఎక్కువ తీసుకున్నది హోటలు ఉంచుకోకూడదు, గవర్నమెంటుకి కట్టెయ్యాలి. మొదటి బిల్లుకీ దీనికీ తేడా చూడు: 130.20. పది శాతమని రాసిన 124 ఆయన జేబు దగ్గరికొచ్చేసరికి 130 అయ్యింది.

పెన్నుతో దిద్దిన కాగితం ఇవ్వకు. డబ్బు ఇంకా తీసుకోలేదు కాబట్టి ఆ బిల్లు క్యాన్సిల్ చేసి, ఛార్జీ లేకుండా కొత్త నంబరుతో కొట్టు. పాతది చింపెయ్యకు, ‘క్యాన్సిల్డ్’ అని రాసి ఫైల్లో పెట్టు. రిటర్నులో ఎన్ని బిల్లులు కొట్టారో, అందులో ఎన్ని రద్దయ్యాయో చెప్పే పట్టిక ఉంటుంది. నంబరు మధ్యలో మాయమైతే మీ లెక్కలాయన అడుగుతాడు.

పర్లాకిమిడి మాస్టారు (12:20)
రద్దు అనాలి. ‘క్యాన్సిల్’ ఎందుకు?

జయపురం చిన్నా (12:24)
యజమాని తిడితే? ఈ పది శాతం వడ్డించే కుర్రాళ్ళకే అని చెబుతారు పిన్నీ.

రాయగడ రమణ (12:25)
కుర్రాళ్ళకి అందుతోందా?

జయపురం చిన్నా (12:31)
పండక్కి బట్టలు కొంటారు.

బరంపురం లెక్కల పిన్ని (12:36)
ఫ్రెంచాయన వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కి ఫోన్ చేస్తే మాట పడేది యజమానే, కుర్రాళ్ళు కాదు. కుర్రాళ్ళకి ఇవ్వాలనిపిస్తే ప్లేటులో పెడతాడు, దాని మీద జీఎస్టీ కూడా ఉండదు. నువ్వు మాత్రం అడక్కు. ఇక పడుకుంటాను.

జయపురం చిన్నా (ఉదయం 6:40)
కొత్త బిల్లిచ్చాను. ఒక్కో వరసా వేలుతో చదువుకుని, ‘ఓకే, వన్ ట్యాక్స్’ అన్నాడు. కార్డు మీద సరిగ్గా 1,302 కట్టి సంతకెళ్ళిపోయారు. థ్యాంక్స్ పిన్నీ. యజమాని మధ్యాహ్నానికొస్తారు, చూడాలి.

వెంకట్, సాలూరు రోడ్డు (7:15)
అప్పీలు తేలేదాకా ఛార్జీ వెయ్యొచ్చనే నా అభిప్రాయం.

గంజాం వినియోగదారు (7:22)
నీళ్ళ సీసా ఇప్పటికీ అరవయ్యేనా?