‘హి హ్యాజ్ కమ్’ అన్న వాక్యానికి ‘వచ్చాడు’ సరిపోతుందా, ‘వచ్చి ఉన్నాడు’ అనాలా?

కొత్త అనువాదకుడు: నేనొక ఇంగ్లీషు నవలను తెలుగు చేస్తున్నాను. ప్రెజెంట్ పర్ఫెక్ట్ కనిపించిన ప్రతిచోటా బడిలో నేర్పినట్టుగా ‘వచ్చి ఉన్నాడు’, ‘తిని ఉన్నాను’ అని రాశాను. సంపాదకురాలు వాటన్నిటినీ కొట్టేసి ‘వచ్చాడు’, ‘తిన్నాను’ అని దిద్దారు. అలా దిద్దితే మూలంలో ఉన్న తేడా పోదా?

పాఠం చెప్పేవాణ్ణి: తప్పకుండా పోతుంది. ‘హి కేమ్’కు, ‘హి హ్యాజ్ కమ్’కు ఒకే రూపం వాడితే పాఠకుడికి రెంటి మధ్య భేదం ఎలా తెలుస్తుంది? ‘వచ్చి ఉన్నాడు’ మనకు లేని రూపమేమీ కాదు. ‘తలుపు తెరిచి ఉంది’, ‘అతను కూర్చుని ఉన్నాడు’ అని అందరం అంటూనే ఉన్నాం కదా. ఉన్న రూపాన్ని వాడుకోవడానికి అభ్యంతరం ఎందుకో నాకు అర్థం కావడం లేదు.

క్త్వార్థకం: మాస్టారు గారూ, ఆ రూపం మనదేనన్న మాట నిజం, కాని అది చేసే పని వేరు. ‘కూర్చుని ఉన్నాడు’ అన్నప్పుడు మనం చెబుతున్నది కూర్చోవడం పూర్తయిందని కాదు, ఆ మనిషి ఇప్పుడు ఏ స్థితిలో ఉన్నాడన్నది. దీన్ని పరీక్షించడానికి వాక్యాన్ని వ్యతిరేకార్థంలోకి మార్చి చూడండి. ‘కూర్చుని లేడు’, ‘తలుపు తెరిచి లేదు’ అనేవి నోటికి సహజంగా వస్తాయి. ‘నేను తిని లేను’ అని మాత్రం ఎవరూ అనరు, ‘తినలేదు’ అనే అంటారు. అంటే ‘తిని ఉన్నాను’లో ‘ఉన్నాను’ ఆనుకోవడానికి కంటికి కనిపించే స్థితి ఏదీ లేదన్న మాట.

ఇంకొక చిక్కు కూడా ఉంది. ‘ఇప్పుడు ఇంట్లో ఉన్నాడు’ అన్నా, ‘నిన్న ఇంట్లో ఉన్నాడు’ అన్నా క్రియ ఒక్కటే కాబట్టి, ‘వచ్చి ఉన్నాడు’ అన్న మాట ‘హ్యాజ్ కమ్’కూ, ‘హ్యాడ్ కమ్’కూ సమానంగా సరిపోతుంది. ఒక తేడాను కాపాడబోయి మరొక తేడాను పోగొట్టుకుంటున్నాం.

కొత్త అనువాదకుడు: నా నవలలోనిదే ఒక వాక్యం ఇస్తాను. భార్య బల్ల మీది కవరును చేతిలోకి తీసుకుని ‘సమ్‌వన్ హ్యాజ్ ఓపెన్డ్ దిస్ లెటర్’ అంటుంది. నేను ‘ఎవరో ఈ ఉత్తరాన్ని విప్పి ఉన్నారు’ అని రాశాను.

క్త్వార్థకం: మీ వాక్యం ఎక్కడ తడబడిందో చూడండి: విప్పిన స్థితి ఉత్తరానికి చెందినది, మీరు దాన్ని ‘ఎవరో’ అన్న మనిషికి అంటగట్టారు. ఆమె చూపు కవరు మీదే నిలవాలనుకుంటే ‘ఈ ఉత్తరం విప్పి ఉంది’ అనండి, అనుమానం మనిషి మీదికి పోవాలనుకుంటే ‘ఈ ఉత్తరం ఎవరో విప్పారు’ అనండి. కవరు ఆమె చేతిలోనే ఉంది కాబట్టి, ఆ పని ఫలితం ఇప్పటికీ మిగిలి ఉందని పాఠకుడికి వేరే చెప్పనక్కరలేదు. సందర్భం అంత సాయం చేయని చోట ‘ఇప్పుడే’, ‘ఇప్పటికే’, ‘అప్పుడే’, ‘ఇంకా’ అన్న చిన్న మాటలు ఆ భారం మోస్తాయి. ‘రాలేదు’కు, ‘ఇంకా రాలేదు’కు మధ్య ఉన్న దూరం చూస్తే ఇది తెలుస్తుంది.

ఉపశీర్షికలు రాసేదాన్ని: నేను ఇలాంటి చోట్ల ‘వచ్చి ఉంటాడు’ అని రాస్తాను. అక్షరాలు పెద్దగా పెరగవు, వినడానికీ బాగుంటుంది. ఇన్నాళ్లుగా ఎవరూ తప్పు పట్టలేదు.

క్త్వార్థకం: అమ్మా, దయచేసి అవి ఒకసారి సరిచూసుకోండి. ‘వచ్చి ఉంటాడు’ అంటే వచ్చాడని ఊహిస్తున్నామని అర్థం, అది ‘మస్ట్ హావ్ కమ్’ అవుతుంది. తెర మీది పాత్ర కళ్లారా చూసి చెబుతున్న సంగతి మీ అక్షరాల్లో అనుమానంగా మారిపోతుంది.

ఉపశీర్షికలు రాసేదాన్ని: నిజమేనండి, ఆ సంగతి నాకు తట్టలేదు. మరి ‘ఐ హావ్ లివ్డ్ హియర్ ఫర్ టెన్ ఇయర్స్’ లాంటి వాటికి ‘పదేళ్లు ఇక్కడ ఉన్నాను’ అని రాశాను. అదైనా సరేనా?

పాఠం చెప్పేవాణ్ణి: అది కూడా కుదరదండి. అలా అంటే పదేళ్లు ఉండి వెళ్లిపోయినట్టు వినిపిస్తుంది. ‘పదేళ్లుగా ఇక్కడే ఉంటున్నాను’ అనాలి. అక్కడ ‘ఉండి ఉన్నాను’ అనకూడదని తరగతిలో నేను కూడా చెబుతాను. అయితే క్త్వార్థకం గారి పరీక్షకు లొంగని వాక్యం నా దగ్గర ఒకటి ఉంది. ‘ఈయన్ని ఇంతకు ముందు ఎక్కడో చూసి ఉన్నాను’ అని చదువుకున్నవాళ్లు ఎందరో అంటారు, రాస్తారు. ‘చూసి లేను’ అని మాత్రం ఎవరూ అనరు. మీ లెక్కన ఇది తప్పు వాక్యం కావాలి, నా చెవికి మాత్రం తప్పుగా అనిపించదు.

క్త్వార్థకం: ఈ వాక్యం దగ్గర నా పరీక్ష ఆగిపోతుందని ఒప్పుకుంటున్నాను. చూసిన అనుభవం మనిషిలో మిగిలిపోయే స్థితి లాంటిదేనని సర్దిచెప్పవచ్చు గాని, అలాగైతే ‘తిని ఉన్నాను’ను కూడా అదే దారిలో లోపలికి రానివ్వవలసి వస్తుంది. నేనైతే ‘ఎక్కడో చూశాను’ అనే రాస్తాను.

పాఠం చెప్పేవాణ్ణి: నేను మాత్రం ‘చూసి ఉన్నాను’ను వదులుకోను. ‘తిని ఉన్నాను’ను తరగతిలో ఇక ముందు నేర్పను.

కొత్త అనువాదకుడు: సంపాదకురాలు దిద్దిన పుటలను మళ్లీ తీశాను. ‘కిటికీ పక్కన నిలబడి ఉన్నాడు’ అన్నదాన్ని ఆవిడ ముట్టుకోలేదు, ‘తిని ఉన్నాను’ను మాత్రం కొట్టేశారు. అయితే ‘దీపం ఆర్పి ఉంది’ని కూడా ‘దీపం ఆర్పారు’ అని మార్చారు. గదిలో ఎవరూ లేని సన్నివేశం అది, కాబట్టి ఆ ఒక్కదాన్ని తిరిగి పెట్టమని ఆవిడను అడగబోతున్నాను.