రాత్రి కాయిన్ ట్రేడ్‌కి అలర్ట్ ఎక్కడ పెట్టాలి? అసలు పెట్టాలా?

నిద్రచాలనివాడు: పగలు ఉద్యోగం, టీమ్‌లో సగం మంది వేరే ఖండంలో. ట్రేడ్ తెరిచి ఉంచి పడుకుంటే ప్రైస్ అలర్ట్ ఎంత దూరంలో పెట్టాలి? 100 దగ్గర కొని 98కి పెట్టాను. నిన్న రాత్రి ఐదుసార్లు మోగింది, ఒక్కసారి కూడా చేయాల్సిన పనేమీ లేదు.

స్టాప్‌రాజు: అలర్ట్‌లన్నీ తీసిపారెయ్యండి. స్టాప్ లాస్ పెట్టి పడుకోండి, అంతే.

పాతచేప: రాజు గారూ, స్టాప్ సరే, ఏ రకం స్టాప్? ఒకసారి నేను స్టాప్ లిమిట్ పెట్టాను. ట్రిగ్గర్ 94, లిమిట్ 93.8. రాత్రి ఒక్క ఊపున ధర 93 కిందికి జారింది. ట్రిగ్గర్ పడింది గానీ 93.8కి కొనేవాడు లేడు. తెల్లారి చూస్తే ధర 89, ఆర్డర్ మాత్రం ‘ఓపెన్’ అంటూ అక్కడే కూర్చుంది. అప్పటినుంచి నాది స్టాప్ మార్కెట్. నాలుగు పైసలు తక్కువకు పోయినా బయటపడతాను.

ఇక మీ ఐదు మోతలు. ఆ కాయిన్ రోజుకు సగటున ఎంత ఊగుతుందో ATR చూడండి. అది 4 ఉంటే 98 అలర్ట్ మోగక ఏం చేస్తుంది? పైగా ధర ఆ గీత దగ్గరే అటూ ఇటూ ఆడితే దాటిన ప్రతిసారీ మోగుతుంది. 15 నిమిషాల చార్ట్ మీద `Once Per Bar Close` ఎంచుకుంటే క్యాండిల్ గీత కింద ముగిస్తేనే మోగుతుంది. ఆ 15 నిమిషాల్లోనే పెద్ద పతనం జరిగితే ఇది ఆలస్యం, అందుకే కింద వైపు స్టాప్‌కి వదిలేస్తాను. నిద్ర లేపే అలర్ట్ నాకు పైన 106 దగ్గర ఒక్కటే. మోగితే లేచి స్టాప్‌ని 100కి జరిపి మళ్ళీ పడుకుంటా.

ఊళ్ళుతిరిగేవాడు: నా బాధ వేరు. అమెరికా ఉద్యోగాల లెక్కలు అక్కడి ఉదయం 8:30కి వస్తాయి. అంటే వేసవిలో 12:30 UTC, చలికాలంలో 13:30 UTC. నేను ఫోన్ సైలెంట్ వేళలు వేసవి లెక్కన పెట్టుకున్నా. అక్కడ గడియారం మార్చగానే ఆ గంట సరిగ్గా నా సైలెంట్‌లో పడింది. అలర్ట్ వచ్చింది, మోగలేదు!

స్టాప్‌రాజు: చూశారా, ఫోన్‌ని నమ్మితే ఇంతే.

పాతచేప: ఆ యాప్ ఒక్కదాన్ని సైలెంట్‌ నుంచి మినహాయిస్తే సరిపోయేది. పడుకునే ముందు ఇప్పటి ధరకు ఆనుకుని ఒక అలర్ట్ పెట్టి, మోగుతుందో లేదో చూస్తాను.

నిద్రచాలనివాడు: 98 తీసేశాను, 106 పెట్టాను. కానీ నాది చిన్న కాయిన్, రాత్రి కొనేవాళ్ళే ఉండరు. స్టాప్ మార్కెట్ పడితే 94 కాదు, 90కి పోతుందేమో?

పాతచేప: పోవచ్చు. అలాంటిదాన్ని నేనైతే రాత్రి సగమే ఉంచుతా.

స్టాప్‌రాజు: నేనైతే అసలు ఉంచను.