తాడిపత్రిలో బండల పాలిష్ యూనిట్: ఒకరి పేరు మీదా, పార్ట్‌నర్‌షిప్పా, ప్రైవేట్ లిమిటెడ్డా?

నల్లబండ_తాడిపత్రి
బావాబామ్మర్దులం ఇద్దరం కలిసి బండల కోత, పాలిష్ యూనిట్ పెడుతున్నాం. చెరి 10 లక్షలు పెట్టుబడి, మిగతాది బ్యాంకు లోను. ఏడాదికి కోటిన్నర టర్నోవర్, మేము ఏమీ తీసుకోకముందు 18 లక్షల లాభం వస్తుందని అంచనా. సరుకు ఎక్కువగా బెంగళూరు, చెన్నై డీలర్లకు రెండు మూడు నెలల అప్పు మీద పోతుంది, డబ్బు బ్యాంకులోనే పడుతుంది. కంపెనీ పెడితే ఆస్తి జోలికి ఎవరూ రారని కొందరు, దాని ఖర్చు మోయలేరని కొందరు. ఏది మేలు?

సీమ_వ్యాపారి
ఫర్మ్ పెట్టుకోండప్పా. బ్యాంకు ద్వారా వచ్చిన టర్నోవర్ మీద 6 శాతం లాభం చూపిస్తే చాలు, దాంట్లోంచి మళ్లీ మీ జీతాలు, పెట్టుబడి వడ్డీ తీసేసుకోవచ్చు. రిజిస్ట్రేషన్ ఎవరూ అడగరు, నోటరీ డీడ్ సరిపోతుంది.

ఆడిటర్_కడప
6 శాతం మాట నిజమే, 'మళ్లీ తీసేసుకోవచ్చు' అన్నదే పాతది. 2017-18 అసెస్‌మెంట్ సంవత్సరం నుంచి ఆ సౌకర్యం తీసేశారు. కోటిన్నర మీద 6 శాతం అంటే 9 లక్షలు. ఫర్మ్‌కు శ్లాబులు లేవు, మొదటి రూపాయి నుంచే 30 శాతం, సెస్సుతో 31.2. పన్ను 2,80,800 అవుతుంది.

అదే పుస్తకాలు సరిగ్గా రాసుకుంటే చూడండి. 18 లక్షల్లో ముందు పెట్టుబడి మీద 12 శాతం వడ్డీ, ఇద్దరికీ కలిపి 2.40 లక్షలు పోతుంది. మిగిలిన 15.60లో పార్ట్‌నర్ల జీతానికి పరిమితి ఉంది: మొదటి 6 లక్షల మీద 90 శాతం, ఆపైన 60 శాతం. అంటే 5.40 ప్లస్ 5.76, మొత్తం 11.16 లక్షలు. ఫర్మ్ చేతిలో మిగిలేది 4.44 లక్షలు, దాని మీద పన్ను 1,38,528. మీ ఇద్దరికీ తలా 6.78 లక్షలు వస్తుంది. వేరే ఆదాయం లేకపోతే కొత్త విధానంలో 12 లక్షల లోపు కాబట్టి చేతి నుంచి కట్టేది సున్నా. పన్ను కట్టగా ఫర్మ్‌లో మిగిలింది మీరు పంచుకున్నా దాని మీద మళ్లీ పన్ను లేదు.

మొత్తం 18 లక్షలూ ఒకరి పేరు మీదే చూపితే 1,66,400. పైగా రెండో మనిషికి కాగితం మీద ఏ హక్కూ ఉండదు. ఇద్దరి డబ్బు ఉన్నచోట ఆ దారి వద్దు.

నల్లబండ_తాడిపత్రి
ఈ జీతం లెక్కకు డీడ్‌లో ఏం రాయించాలి సార్? రైటర్ దగ్గర తయారుగా ఉన్న నమూనాలో 'పరస్పర అంగీకారం మేరకు' అని ఉంది.

ఆడిటర్_కడప
కొంప ముంచేది ఆ ముక్కే. జీతం ఎంతో అంకె ఉండాలి, లేదా లెక్కకట్టే పద్ధతైనా ఉండాలి. అవి లేకపోతే ఆఫీసర్ జీతం మొత్తం కొట్టేస్తాడు, అప్పుడు 15.60 లక్షల మీద 31.2 శాతం, అంటే 4,86,720. డీడ్‌లో ఇట్లా ఉండాలి: ఇద్దరూ పనిచేసే పార్ట్‌నర్లు, పెట్టుబడి మీద ఏడాదికి 12 శాతం సాధారణ వడ్డీ, జీతం ఆదాయపు పన్ను చట్టం అనుమతించే గరిష్ఠ మొత్తం, అది ఇద్దరికీ సమానం. డీడ్ తేదీకి ముందు కాలానికి జీతం చెల్లదు. కాబట్టి యూనిట్ మొదలుకాకముందే రాయించండి.

ఇంకోటి. 2025 ఏప్రిల్ 1 నుంచి పార్ట్‌నర్‌కు ఇచ్చే జీతం, వడ్డీ కలిపి ఏడాదికి 20 వేలు దాటితే ఫర్మ్ 10 శాతం టీడీఎస్ పట్టి కట్టాలి. మీ లెక్కలో తలా 67,800. రిటర్న్ వేస్తే తిరిగి వస్తుంది, కానీ అంతవరకు ఆ డబ్బు చేతిలో ఉండదు. పార్ట్‌నర్ ఖాతాకు జమ రాసిన రోజే పట్టాలి, డబ్బు ఇంకా ఇవ్వలేదంటే కుదరదు.

కోర్టువీధి_అనంత
రిజిస్ట్రేషన్ అక్కర్లేదన్న మాట అప్పు మీద సరుకిచ్చేవాళ్లకు అసలు పనికిరాదు. 1932 పార్ట్‌నర్‌షిప్ చట్టం 69వ సెక్షన్ చూడండి. ఫర్మ్ రిజిస్టర్ కాకపోతే డీలర్ మీద బాకీ దావా నిలవదు. ఎగ్గొట్టేవాడి లాయరు మొదట అడిగేది ఫర్మ్‌ల రిజిస్టర్ నకలే. దావా వేశాక రిజిస్టర్ చేయించినా ఆ దావాకు పనికిరాదు. దాన్ని వెనక్కి తీసుకుని మళ్లీ వేయాలి, ఈలోగా మూడేళ్ల గడువు దాటితే బాకీ పోయినట్టే. మధ్యలో కొత్త పార్ట్‌నర్‌ను చేర్చుకుంటే అతని పేరూ రిజిస్టర్‌లో ఎక్కాలి. మీకైతే అనంతపురం జిల్లా రిజిస్ట్రార్ ఆఫీసులో పని.

చెక్ బౌన్స్ కేసుకు కూడా ఈ అడ్డు ఉందా అంటే హైకోర్టులు తలో రకంగా చెప్పాయి. దాన్ని నమ్ముకుని కూర్చోవద్దు.

ఆదోని_హోల్‌సేల్
మాది అంగడి, నాన్న పేరు మీదే ఉంది. ఆయన తర్వాత నా పేరు చేర్చి అదే జీఎస్టీ నంబరు నడుపుకోవచ్చా?

ఆడిటర్_కడప
ఇక్కడి ప్రశ్న అది కాదు గానీ, కుదరదన్నా. ఒకరి పేరు మీది నంబరు ఆయన పాన్‌తో కట్టి ఉంటుంది. వారసులు కొత్త నంబరు తీసుకుని, పాత ఖాతాలో మిగిలిన క్రెడిట్‌ను `ITC-02` ద్వారా మార్చుకోవాలి. పాతది రద్దు కాకముందే ఆ పని కావాలి.

నల్లబండ_తాడిపత్రి
మరి కంపెనీ అయితే ఇల్లు, పొలం సేఫ్ అంటారే?

కోర్టువీధి_అనంత
సగం వరకే. బ్యాంకు లోనుకు డైరెక్టర్ల దగ్గర పర్సనల్ గ్యారంటీ సంతకం తీసుకుంటుంది, ఆ సంతకం పెట్టాక లోను వరకు కంపెనీ అయినా ఫర్మ్ అయినా ఒకటే. జీఎస్టీ బాకీ కంపెనీ నుంచి రాకపోతే, తన నిర్లక్ష్యం లేదని డైరెక్టరే నిరూపించుకోవాలి. కంపెనీ మిమ్మల్ని నిజంగా కాపాడేది బ్లాకులు అప్పిచ్చినవాళ్లు, కోత మిషన్ దగ్గర ప్రమాదం జరిగితే వచ్చే పరిహారం, ఇట్లాంటి వాటికి. ఫర్మ్‌లో మీ బావ చేసిన వ్యాపారపు అప్పుకు కూడా మొత్తం మీ ఒక్కరి దగ్గరే వసూలు చేయొచ్చు. ప్రమాదాలకైతే పనివాళ్ల ఇన్సూరెన్స్ ఎట్లాగూ ఉండాలి.

సీమ_వ్యాపారి
అయినా పన్నులో కంపెనీనే ఎక్కువ కదా?

ఆడిటర్_కడప
కాదు. అదే తలా 6.78 లక్షలు డైరెక్టర్ల జీతంగా ఇచ్చి 4.44 కంపెనీలో ఉంచితే, తక్కువ రేటు ఎంచుకున్న కంపెనీకి 25.168 శాతం, అంటే 1,11,746. ఫర్మ్ కన్నా 27 వేలు తక్కువ. కానీ ఆ మిగులును డివిడెండ్‌గా తీస్తే మీ ఆదాయంలో కలుస్తుంది. లావాదేవీ ఒక్కటి లేకపోయినా ఏటా ఆడిట్ తప్పదు, ఆ ఫీజు 27 వేలను ఎంత తింటుందో ముందే అడిగి చూసుకోండి.

గడువులు ఇంకా కఠినం. పెట్టుబడి బ్యాంకులో వేసి 180 రోజుల్లో వ్యాపారం మొదలుపెడుతున్నామన్న `INC-20A` ఫారం వేయాలి. ఏటా వేసే లెక్కల ఫారం `AOC-4`, వార్షిక రిటర్న్ `MGT-7A` ఆలస్యమైతే ఒక్కోదానికి రోజుకు 100, దానికి పైపరిమితి లేదు. రెండూ ఏడాది మరిచిపోతే 73,000. ఇక గల్లాపెట్టెలోంచి తీసినట్టు కంపెనీ ఖాతాలోంచి ఇంటి ఖర్చుకు తీసుకుంటే అది డైరెక్టర్‌కు ఇచ్చిన అప్పు అవుతుంది. కంపెనీల చట్టం ఒప్పదు, పన్నులో డివిడెండ్ అంటారు. తాడిపత్రి వైపు యూనిట్లలో సొంతానికి తీసుకోవడం అలవాటే కాబట్టి ఇది గట్టిగా చెప్తున్నా.

నల్లబండ_తాడిపత్రి
అయితే ఫర్మే పెట్టి రిజిస్టర్ చేయిస్తాం. లాభమంతా తియ్యకుండా రెండో మిషన్‌కు దాచుకునే రోజు వస్తే అప్పుడు మార్చుకోవచ్చా?

కోర్టువీధి_అనంత
మార్చుకోవచ్చు. పార్ట్‌నర్‌షిప్‌లాగే నడుస్తూ కంపెనీలా బాధ్యతకు హద్దు ఉండే ఎల్‌ఎల్‌పీ సంగతి ఇక్కడ ఎవరూ ఎత్తలేదు, నేనైతే అది కూడా చూడమంటా.

ఆడిటర్_కడప
ఎల్‌ఎల్‌పీకీ రేటు 30 శాతమే, ఆలస్యానికి అదనపు ఫీజు అక్కడా ఉంది. ఈ స్థాయికి నేను ఒప్పుకోను సార్.

కోర్టువీధి_అనంత
నెలకు అరకోటి సరుకు అప్పు మీద తిప్పే రోజున మీరే ఒప్పుకుంటారు.