అప్‌డేట్: ఆడ్ డేస్ లెక్కలో ఒక రోజు తేడా దొరికింది

రోజుల్ని ఏడుతో భాగిస్తే మిగిలేవే ఆడ్ డేస్, వాటితో ఏ తేదీ ఏ వారమో కనుక్కోవచ్చు. దీనిపై నా ప్రశ్న: "1969 జూలై 20 ఆదివారం. నాకు మాత్రం సోమవారం వస్తోంది. తప్పెక్కడ?"

సాయం చేసిన అందరికీ థాంక్స్. "పూర్తయిన సంవత్సరాలే లెక్కపెట్టు" అన్న సలహాతో తేలిపోయింది. నేను 69 ఏళ్లు తీసుకున్నాను. జూలైలో 1969 ఇంకా పూర్తి కాలేదు కదా, తీసుకోవాల్సింది 1968 వరకే.

సరైన లెక్క ఇదీ. 1600 ఏళ్లకు మిగులు 0, తర్వాతి 300 ఏళ్లకు 1. మిగిలిన 68 ఏళ్లలో లీపు సంవత్సరాలు 17, మామూలువి 51. లీపుకు రెండు, మామూలుదానికి ఒకటి చొప్పున 34 + 51 = 85, ఏడుతో భాగిస్తే మిగిలేది 1. ఇక్కడికి మొత్తం 2. జనవరి 1 నుంచి జూలై 20 దాకా 201 రోజులు, మిగులు 5. రెండూ కలిపితే 7, అంటే 0. సున్నా అంటే ఆదివారం.

1900 లీపు కాదన్న విషయంలో పొరపాటు చేశానేమోనని చాలా టెన్షన్ పడ్డాను, దానికీ దీనికీ సంబంధం లేదు.

ఇదే పొరపాటు లీపు సంవత్సరపు తేదీకి చేస్తే, నెలల లెక్క సరిగ్గా ఉన్నా జవాబు రెండు రోజులు ముందుకు జరుగుతుంది. తేడా ఒకటో రెండో చూస్తే కారణం ఇదేనని పట్టేయొచ్చు.