అప్‌డేట్: వీధి పేరు సరిచేశారు, స్టేట్‌మెంట్ ఇంటికొచ్చింది

నేను అడిగింది: "మాది నెల్లూరు, ఆచారి వీధి. బ్యాంకు రికార్డులో Achan Street అని పడింది, స్టేట్‌మెంట్లు తిరిగి వెళ్లిపోతున్నాయి. లెటర్ ఎలా రాయాలి?"

పని అయింది, కానీ రెండు లెటర్లు పట్టాయి. మొదటిదాంట్లో "నా అడ్రస్ తప్పుగా ఉంది, మార్చగలరు" అని మాత్రం రాశాను. వాళ్లు పర్మనెంట్ అడ్రస్ సరిచేసి, పోస్టు వెళ్లే కమ్యూనికేషన్ అడ్రస్‌ను అలాగే వదిలేశారు, అది వేరే గడి అని నాకూ అప్పటిదాకా తెలియదు. పాస్‌బుక్ మొదటి పేజీలో కరెక్ట్‌గా వచ్చిందని సంబరపడ్డాను, తర్వాతి కవరు మళ్లీ తిరుగుటపా!

రెండోసారి ఇలా రాశాను: "నేను ఇల్లు మారలేదు, ఇది అక్షర దోషం. మీ రికార్డులో ఉన్నది: Achan Street. ఉండాల్సింది: ACHARI STREET. నా కస్టమర్ ఐడీ కింద పర్మనెంట్, కమ్యూనికేషన్ అడ్రస్‌లు రెండింటిలోనూ సరిచేయగలరు." కింద ఖాతా నంబరు, ఫోన్ నంబరు, సంతకం. సరైన పేరున్న ఆధార్ జిరాక్స్ మీద కూడా సంతకం పెట్టి జతచేశాను. పెద్ద అక్షరాలు ఎందుకంటే, నా పాత ఫారంలో చేతిరాత r, i కలిసిపోయి n లాగా ఉంది. సగం తప్పు నాదేనన్నమాట.

రెండో కాపీ మీద తేదీతో స్టాంపు వేయించుకున్నాను. కౌంటర్లో అమ్మాయిని అడిగితే స్క్రీన్ తిప్పి రెండు గడులూ చూపించింది. మొన్న కవరు వచ్చింది. క్రెడిట్ కార్డు అడ్రస్ మాత్రం విడిగా ఉంటుందట, దానికి ఇంకో లెటర్ ఇచ్చాను.